ఇంతకీ మారింది ఏ కీ?

2023 జూన్ నడిమిలో అమెరికా విదేశాంగ శాఖ సెక్యూరిటీ సిబ్బంది ముందు ఒక అలర్ట్ మోగింది. మెయిల్ లాగ్‌లలో తేడా కనబడితే పట్టుకోవడానికి వాళ్లే రాసుకున్న అలర్ట్ అది. దానికి ‘బిగ్ ఎల్లో టాక్సీ’ అని ముద్దుపేరు కూడా పెట్టుకున్నారు. సంగతి మైక్రోసాఫ్ట్‌కి చేరింది. తవ్వగా తవ్వగా బయటపడింది ఏమిటంటే, చైనాతో సంబంధమున్న స్టార్మ్-0558 అనే ముఠా 22 సంస్థలకు చెందిన 500 మందికి పైగా మెయిల్ ఖాతాల్లో దూరింది. అప్పటి అమెరికా వాణిజ్య మంత్రి జీనా రైమాండో, చైనాలో అప్పటి ఆ దేశ రాయబారి నికొలస్ బర్న్స్ కూడా బాధితుల్లో ఉన్నారు. ఒక్క విదేశాంగ శాఖ నుంచే దాదాపు 60 వేల మెయిళ్లు పోయాయి.

ఈ ముఠా ఎవరి పాస్‌వర్డూ కొట్టేయలేదు. మైక్రోసాఫ్ట్ లాగిన్ టోకెన్ల మీద సంతకం చేసే ఒక కీ వాళ్ల చేతికి చిక్కింది. దాంతో ఎవరి పేరు మీద కావాలంటే వాళ్ల పేరు మీద టోకెన్ తయారు చేసుకున్నారు. ఆ కీ 2016లో పుట్టింది. 2021 మార్చిలోనే దాన్ని విరమింపజేయాల్సింది. 2023లోనూ సర్వర్లు దాన్ని నమ్ముతూనే ఉన్నాయి. పైగా అది వ్యక్తిగత ఖాతాల కోసం చేసిన కీ. టోకెన్ తనిఖీలో ఉన్న లోపం వల్ల సంస్థల మెయిల్ ఖాతాలు కూడా దానికి తలుపు తీశాయి.

అమెరికా ప్రభుత్వ సైబర్ సేఫ్టీ రివ్యూ బోర్డు 2024లో ఇచ్చిన నివేదికలో ఇంజినీర్లు ఆగి చదవాల్సిన చోటు ఒకటుంది. సంస్థల ఖాతాల వైపు కీలు వాటంతటవే మారే ఏర్పాటు మైక్రోసాఫ్ట్‌లో ఉంది. వ్యక్తిగత ఖాతాల వైపు మాత్రం మనుషులే చేత్తో మార్చేవారు. 2021లో అలా మారుస్తుండగా పెద్ద అవాంతరం వచ్చి క్లౌడ్ సేవలు నిలిచిపోయాయి. ఆ దెబ్బకి చేత్తో మార్చడం పూర్తిగా ఆపేశారు; దాని స్థానంలో ఆటోమేటిక్ ఏర్పాటు పెట్టలేదు. ఫలానా కీ వయసు మీరిపోయిందని హెచ్చరించే అలర్టూ లేదు. కీ ఎలా దొంగిలించబడిందో మైక్రోసాఫ్ట్ ఇప్పటికీ తేల్చి చెప్పలేకపోయింది. 2021లోనే ఆ కీని నమ్మడం మానేసి ఉంటే, దొంగ ఎలా ఎత్తుకుపోయాడన్నది ఈ కథలో ప్రశ్నే అయ్యేది కాదు.

కీ రొటేషన్ అనగానే చాలామందికి తట్టేది కొత్త కీ పుట్టించడం. అది తేలికైన సగం. ఫలితమంతా రెండో సగంలో, అంటే పాత కీని నిజంగా పనికిరాకుండా చేయడంలో ఉంది. సంతకం కీకి ఆ రెండో సగం కొంతవరకు సూటిగానే జరుగుతుంది. ముందుగా కొత్త పబ్లిక్ కీని ప్రచురిస్తారు. తనిఖీ చేసే సర్వర్ల కాష్‌లలోకి అది చేరేదాకా ఆగుతారు. తర్వాత కొత్త కీతో సంతకాలు మొదలుపెడతారు. పాత సంతకంతో తిరుగుతున్న టోకెన్ల గడువు తీరిపోగానే పాత పబ్లిక్ కీని నమ్మకపు జాబితాలోంచి తీసేస్తారు. టోకెన్ గంటకో రోజుకో చచ్చిపోతుంది కాబట్టి ఎదురుచూపు కూడా అంతే.

డేటాని ఎన్‌క్రిప్ట్ చేసే కీ అలా కాదు. ఏడేళ్ల క్రితం దాచిన ఫైలు ఈ రోజు తెరవాలంటే ఏడేళ్ల క్రితపు కీ ఉండి తీరాలి. పాత కీని తీసేయాలన్న కోరికకీ, పాత ఫైలు తెరుచుకోవాలన్న అవసరానికీ మధ్య ఉన్న ఈ పేచీని సగం తీర్చడానికి పుట్టిన పద్ధతే ఎన్‌వలప్ ఎన్‌క్రిప్షన్.

అందులో కీలు రెండంచెలుగా ఉంటాయి. ప్రతి ఫైలుకీ అప్పటికప్పుడు 32 బైట్ల కొత్త కీ పుడుతుంది. దీన్ని డేటా కీ అంటారు. ఫైలు ఎన్‌క్రిప్ట్ అయ్యేది దీనితోనే. తర్వాత ఈ డేటా కీని ఇంకో కీతో ఎన్‌క్రిప్ట్ చేసి, అలా చుట్టిన రూపాన్నే దాచుకుంటారు. చుట్టే ఈ పై కీ మాస్టర్ కీ. అది హెచ్‌ఎస్‌ఎం అనే హార్డ్‌వేర్ సెక్యూరిటీ మాడ్యూల్‌లోనో, దాని ఆసరాతో నడిచే కీ మేనేజ్‌మెంట్ సర్వీసులోనో ఉంటుంది. ఫైలు చదవాలంటే చుట్టిన డేటా కీని అక్కడికి పంపి, విప్పించుకుని, ఫైలు తెరిచి, విప్పిన కీని మెమరీలోంచి చెరిపేయాలి. గిగాబైట్ల కొద్దీ డేటా అప్లికేషన్ దగ్గరే ఉంటుంది, మాస్టర్ కీ దగ్గరికి వెళ్లొచ్చేది ఆ చిన్న పొట్లం ఒక్కటే. అమెజాన్ కేఎంఎస్‌ని నేరుగా ఎన్‌క్రిప్ట్ చేయమని అడిగితే ఒకసారికి 4,096 బైట్లు మించి తీసుకోదు. ఈ పద్ధతిలోనే వాడమని ఆ పరిమితే చెబుతుంది.

ఒక లెక్క వేసి చూద్దాం. హైదరాబాద్‌లో అప్పులిచ్చే ఒక సంస్థ ఉందనుకుందాం. దాని దగ్గర కోటి పత్రాలున్నాయి. పాన్ కార్డులు, జీతం స్లిప్పులు, ఒప్పందాలు అన్నీ కలిపి పత్రానికి సగటున 2 మెగాబైట్లు. అంటే మొత్తం 20 టెరాబైట్లు. చుట్టడానికి హాషికార్ప్ వాల్ట్‌లోని ట్రాన్సిట్ ఇంజిన్‌ని వాడుతున్నారు. వాల్ట్ హెచ్‌ఎస్‌ఎం కాదు, సాఫ్ట్‌వేర్. కానీ చుట్టిన ప్రతి కీ ముందూ ఏ వెర్షన్‌తో చుట్టారో రాసి ఉంచుతుంది కనుక జరుగుతున్నది కంటికి కనబడుతుంది. 32 బైట్ల డేటా కీని చుడితే `vault:v1:` అన్న తొమ్మిది అక్షరాలూ, వాటి వెనుక 80 అక్షరాల బేస్64 వరసా కలిసి 89 అక్షరాలు వస్తాయి. కోటి పత్రాల చుట్టిన కీలన్నీ ఒక గిగాబైట్‌లోపే. 20 టెరాబైట్ల బరువును ఒక్క గిగాబైట్ మోస్తోందన్నమాట.

ఇప్పుడు రొటేషన్. ఆ ఒక్క మాట కింద వేర్వేరు పనులు మూడున్నాయి. ఆడిట్ మీటింగుల్లో గొడవలు సగం అక్కడే పుడతాయి, ఎందుకంటే అడిగేవారి మనసులో ఒకటి ఉంటే చెప్పేవారి మనసులో ఇంకొకటి ఉంటుంది.

మొదటిది మాస్టర్ కీకి కొత్త వెర్షన్ పుట్టించడం. ఇకమీదట చుట్టేవన్నీ రెండో వెర్షన్‌తో చుడతారు. పాత పొట్లాలు మొదటి వెర్షన్‌తోనే తెరుచుకుంటాయి. దీనికి పట్టే సమయం ఒక కమాండ్ కొట్టినంత. అమెజాన్ కేఎంఎస్‌లో ఆటోమేటిక్ రొటేషన్ పెడితే జరిగేది ఇదే. పాత కీ పదార్థమంతా అక్కడే భద్రంగా ఉంటుంది, పాత డేటాలో ఒక్క బైటూ మారదు. ‘ఏటా రొటేట్ చేస్తున్నాం’ అని సంతకం పెట్టిన చాలా సంస్థలు నిజానికి చేస్తున్నది ఇంతవరకే.

రెండోది మళ్లీ చుట్టడం. కోటి పొట్లాలనూ ఒక్కొక్కటిగా పంపి, లోపలే విప్పించి, కొత్త వెర్షన్‌తో చుట్టించి తెచ్చుకోవాలి. డేటా కీ మాత్రం మారదు, పైన చుట్టిన కాగితమే మారుతుంది. వాల్ట్‌లో ఈ పని చేసేటప్పుడు విప్పిన కీ అప్లికేషన్‌కి కనబడదు. అమెజాన్‌లో `ReEncrypt` పిలుపు కూడా ఇంతే. సెకనుకి 500 చొప్పున నడిపితే కోటి పిలుపులకు 20,000 సెకన్లు, అంటే అయిదున్నర గంటలు. ఒక రాత్రిలో అయిపోతుంది.

మూడోది డేటానే కొత్త డేటా కీలతో తిరిగి ఎన్‌క్రిప్ట్ చేయడం. 20 టెరాబైట్లూ చదవాలి, విప్పాలి, కొత్తగా రాయాలి. సెకనుకి 200 మెగాబైట్ల చొప్పున ఆగకుండా నడిచినా లక్ష సెకన్లు, ఇంచుమించు 28 గంటలు. కాగితం మీద అంతే గానీ, మధ్యలో రాసిన ఫైళ్లు, విఫలమైన ఫైళ్లు, సరిచూసుకోవడం కలిపితే వారం పట్టినా ఆశ్చర్యం లేదు.

ఏది ఎప్పుడు అవసరమన్నది ఏం పోయిందన్నదాన్ని బట్టి ఉంటుంది. ఒక అపార్ట్‌మెంట్‌లో ఫ్లాట్ల తాళంచెవులన్నీ వాచ్‌మన్ గదిలోని పెట్టెలో ఉన్నాయనుకోండి. ఆ పెట్టె తాళం మార్చడం మంచిదే. కానీ ఎవడో ముందే పెట్టె తెరిచి ఫ్లాట్ తాళంచెవులకు నకళ్లు చేయించుకుని ఉంటే, పెట్టెకి ఎన్ని కొత్త తాళాలు వేసినా వాడు ఫ్లాట్లలోకి వస్తూనే ఉంటాడు. అప్లికేషన్ సర్వర్ మెమరీలోంచి విప్పిన డేటా కీలు పోయాయన్న అనుమానం ఉంటే మొదటి పనీ రెండో పనీ దండగ. ఆ పత్రాల వరకు మూడో పని చేయాల్సిందే. అందుకే ప్రతి పత్రానికీ వేరే డేటా కీ ఉండాలనేది. వెయ్యి కీలు పోతే తిరిగి ఎన్‌క్రిప్ట్ చేయాల్సినవి వెయ్యి పత్రాలే. పిలుపుల ఖర్చు తగ్గించుకుందామని రోజంతా ఒకే డేటా కీని కాష్‌లో పెట్టుకుని వాడే జట్లు ఈ లాభాన్ని తమకు తెలియకుండానే వదులుకుంటాయి.

ఏమీ పోకపోయినా రొటేట్ చేయాలా? గణితం ఒక హద్దు చెబుతుంది. ఏఈఎస్-జీసీఎంలో యాదృచ్ఛిక నాన్స్ వాడుతున్నప్పుడు ఒకే కీతో 2³² సార్లకు మించి ఎన్‌క్రిప్ట్ చేయకూడదని అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ నిర్దేశించింది. అంటే దాదాపు 429 కోట్ల సార్లు. అది దాటితే ఒకే నాన్స్ రెండుసార్లు వచ్చే అవకాశం ఆమోదించదగ్గ స్థాయిని మించుతుంది. జీసీఎంలో నాన్స్ రెండోసారి వస్తే రహస్యం, నకిలీలను పట్టే శక్తి రెండూ దెబ్బతింటాయి. మన సంస్థ రోజుకి లక్ష పత్రాలు చుడుతోందంటే ఆ హద్దుకి చేరడానికి 117 ఏళ్లు పడుతుంది. రోజుకి 5 కోట్ల చుట్టులు చేసే చెల్లింపుల సంస్థ మూడు నెలలు నిండకముందే చేరుతుంది. మొదటివారికి ఏడాదికోసారి అన్నది నిబంధన కోసం చేసే పని, రెండోవారికి ఏడాది అన్నది చాలా ఆలస్యం. ఎవరి లెక్క వాళ్లు వేసుకోవాల్సిన చోట అందరూ 365 అనే ఒకే అంకె రాసుకుంటున్నారు.

‘కీ పోయినా కొంత డేటాయే పోతుంది’ అన్న వాదన కూడా వినిపిస్తుంది. అది నిజం కావాలంటే ఒక షరతుంది. అన్ని వెర్షన్లూ ఒకే సర్వీసులో, ఒకే అనుమతి కింద బతికే ఉంటే, ఆ అనుమతి చేజిక్కించుకున్నవాడికి ఒకటో వెర్షనూ ఏడో వెర్షనూ ఒకటే. పొట్లాలన్నీ కొత్త వెర్షన్‌కి మార్చి, పాత వెర్షన్‌ని మూసేసినప్పుడే తేడా వస్తుంది. రెండేళ్ల క్రితం ఎవడో కాపీ కొట్టుకుపోయిన పొట్లాల పట్టిక ఉంటే అది అప్పుడే చెత్త కాగితం అవుతుంది.

వాల్ట్‌లో ఆ వరస ఇలా ఉంటుంది:

```
vault write -f transit/keys/loan-docs/rotate
vault write transit/rewrap/loan-docs ciphertext="vault:v1:..."
vault write transit/keys/loan-docs/config min_decryption_version=2
```

మధ్య కమాండ్ పట్టికలోని ప్రతి వరసకీ నడవాలి. మూడోది కొట్టే ముందు డేటాబేస్‌లో `vault:v1:` తో మొదలయ్యే వరసలెన్ని మిగిలాయో లెక్కించాలి. సున్నా వచ్చేదాకా ముందుకు పోకూడదు. మళ్లీ చుట్టే ప్రోగ్రాము ఒక పొట్లం చదివి, చుట్టించి, తిరిగి రాసేలోపు అదే పత్రాన్ని అప్లికేషన్ కొత్త డేటా కీతో మార్చేసి ఉండొచ్చు. అప్పుడు కొత్త పొట్లం మీద పాత కీ పొట్లం రాసేస్తే ఆ పత్రం ఇక తెరుచుకోదు. ఇది తరచూ చూసే ప్రమాదం. రాసేటప్పుడు ‘నేను చదివిన విలువే ఇంకా ఉంటేనే రాయి’ అనే షరతు పెట్టడం దీనికి విరుగుడు. లేకపోతే లోపం ఆ రాత్రి తెలియదు. నెలల తర్వాత ఎవరో ఆ పత్రం అడిగిన రోజు తెలుస్తుంది.

మూడో కమాండ్ పాత వెర్షన్‌ని చంపదు, పక్కన పెడుతుందంతే. ఏదైనా తెరుచుకోవడం లేదని ఫిర్యాదు వస్తే అంకె వెనక్కి తిప్పొచ్చు. ఆ వెసులుబాటు విలువైనది. కొన్ని వారాలు అలా ఉంచి, ‘ఈ వెర్షన్‌కి అనుమతి లేదు’ అన్న లోపాలు లాగ్‌లో వస్తున్నాయేమో చూడటం కన్నా మంచి పరీక్ష లేదు. ఎవరికీ గుర్తులేని నెలాఖరు రిపోర్టు, పాత సర్వర్‌లో నడుస్తున్న స్క్రిప్టు అప్పుడే బయటికొస్తాయి.

ఇక మాస్టర్ కీ కూర్చునే పెట్టె. హెచ్‌ఎస్‌ఎం అంటే కీని లోపలే పుట్టించి, లోపలే వాడి, బయటికి ఇవ్వని యంత్రం. పీకేసీఎస్#11 ప్రమాణంలో కీ పుట్టేటప్పుడే `CKA_EXTRACTABLE` ని `CK_FALSE` అని రాస్తే దాన్ని తర్వాత మార్చడానికి వీల్లేదు. ఫిప్స్ 140 ప్రమాణంలో మూడో స్థాయి యంత్రమైతే కవచం విప్పబోయినా లోపలి రహస్యాలు తుడిచిపెట్టుకుపోవాలి. మన దేశంలో ఆధార్ నంబర్లు దాచుకునే సంస్థలు వాటిని ప్రత్యేకమైన ఆధార్ డేటా వాల్ట్‌లోనే ఉంచాలని, ఆ ఎన్‌క్రిప్షన్ కీలు హెచ్‌ఎస్‌ఎంలోనే ఉండాలని యూఐడీఏఐ 2017లో ఆదేశించింది. ఆనాటి నుంచి బ్యాంకుల, టెలికాం సంస్థల టెండర్లలో ఈ మూడక్షరాలు మామూలైపోయాయి.

ఈ యంత్రం ఒక్క పని బాగా చేస్తుంది: కీ దొంగతనాన్ని ఆపుతుంది. కీ దుర్వినియోగాన్ని ఆపదు. నెదర్లాండ్స్‌లోని డిజినోటార్ కథ ఈ తేడాకి సాక్ష్యం. వెబ్‌సైట్లకు సర్టిఫికెట్లిచ్చే ఆ సంస్థ కీలు హెచ్‌ఎస్‌ఎంలోనే ఉండేవి. వాటిని పనిలో పెట్టడానికి స్మార్ట్‌కార్డులు పెట్టాలి. కానీ రద్దయిన సర్టిఫికెట్ల జాబితా దానంతటదే తయారవ్వాలంటే కీ ఎప్పుడూ మేలుకుని ఉండాలి కదా. 2011లో నెట్‌వర్క్‌లోకి దూరినవాడు కీని ఎత్తుకుపోలేదు. మేలుకుని ఉన్న యంత్రంతోనే గూగుల్ పేరు మీదవి సహా 500కి పైగా దొంగ సర్టిఫికెట్లు చేయించుకున్నాడు. గూగుల్ పేరిట చేసినవాటిలో ఒకదాన్ని ఇరాన్‌లోని మెయిల్ వాడకందారుల మీద ప్రయోగించారు. ఆ సెప్టెంబరులోనే డిజినోటార్ దివాలా తీసింది.

మన అప్పుల సంస్థలోనూ అంతే. పొట్లాలు విప్పించుకునే అనుమతి అప్లికేషన్ సర్వర్‌కి ఉంది. ఆ సర్వర్ పరుల చేతికి పోతే కోటి పొట్లాలూ మర్యాదగా, ఒక్కొక్కటిగా విప్పి ఇవ్వడానికి హెచ్‌ఎస్‌ఎంకి అభ్యంతరం ఉండదు. ఇక్కడ కాపాడేవి వేరే. అప్‌లోడ్ చేసే సర్వీసుకి చుట్టే అనుమతి మాత్రమే ఇవ్వాలి, విప్పే అనుమతి చదివే సర్వీసుకే ఉండాలి. విప్పే పిలుపులకు ఒక రేటు హద్దు ఉండాలి: మామూలుగా నిమిషానికి 200 వచ్చేచోట 5,000 వస్తే ఎవరి ఫోనైనా మోగాలి. విదేశాంగ శాఖవాళ్లు మైక్రోసాఫ్ట్ కన్నా ముందు పట్టుకోగలిగింది ఇలాంటి లెక్క పెట్టుకున్నందుకే. హెచ్‌ఎస్‌ఎం చేసే మేలు ఏమిటంటే, దొంగ బయటికి పోయాక ఇంట్లో కూర్చుని విప్పుకోలేడు. ప్రతి పొట్లానికీ వచ్చి అడగాలి, అడిగిన ప్రతిసారీ లాగ్‌లో ఒక వరస పడుతుంది.

చివరి మెట్టు పాత వెర్షన్‌ని శాశ్వతంగా తుడిచేయడం. చేతులు వణికేది ఇక్కడే, వణకాలి కూడా. అమెజాన్ కేఎంఎస్‌లో కీని తొలగించమంటే 7 నుంచి 30 రోజులు ఆగి గానీ తొలగించదు. ఆలోగా మనసు మారితే రద్దు చేసుకోవచ్చు. ప్రొడక్షన్ పట్టికలో పాత పొట్లం ఒక్కటీ లేదన్న నమ్మకం చాలదు, బ్యాకప్‌లున్నాయి. కిందటి ఏడాది తీసిన బ్యాకప్‌లో డేటా, పొట్లాలు రెండూ పాత వెర్షన్‌వే. ఆ వెర్షన్ చెరిగిపోతే బ్యాకప్ తెరుచుకోదు. దాన్ని ఉంచితే, బ్యాకప్ దొంగిలించినవాడికీ ఆశ మిగులుతుంది.

దీనికి బాగా పనిచేసే ఏర్పాటు ఒకటుంది, అది మొదటిరోజే చేసుకోవాలి. పొట్లాలను ఫైలుతో పాటు మెటాడేటాలో పెట్టకుండా, పత్రం నంబరు, డేటా కీ నంబరు పక్కన వేరే పట్టికలో ఉంచాలి. అమెజాన్ ఎస్3లో ఫైలు మెటాడేటా ఒక్కటీ మార్చాలన్నా ఫైలు మొత్తం కాపీ చేయాలి కనుక మళ్లీ చుట్టడానికీ ఇదే సుఖం. మళ్లీ చుట్టినప్పుడు డేటా కీ మారదన్నది ఇక్కడ అక్కరకొస్తుంది: కిందటి ఏడాది ఫైళ్ల బ్యాకప్‌ని ఈ వారపు పొట్లాల పట్టికతో తెరవొచ్చు, డేటా కీ వరసలను తొలగించకుండా ఉంచితే చాలు. అప్పుడు ఫైళ్ల బ్యాకప్‌లు ఏళ్ల తరబడి ఉండొచ్చు. పట్టిక బ్యాకప్‌లకు మాత్రం 90 రోజుల గడువు పెడితే, మళ్లీ చుట్టిన 91వ రోజున పాత వెర్షన్‌ని తుడిచేయడానికి అడ్డేమీ ఉండదు. తుడిచే ముందు నిరుటి ఫైళ్ల బ్యాకప్ లోంచి ఏవైనా కొన్ని పత్రాలు తీసి, వేరే మెషీన్‌లో, కొత్త వెర్షన్‌తో మాత్రమే తెరిచి చూసుకోవాలి.